దసరా నాడు తుడిచేసిన కబురు

ముంబై కామాటిపుర గల్లీలన్నీ గాలించినా, ఫోనులో పోయిన దాన్ని వెనక్కి లాగగల మనిషి ఒక్కడే దొరుకుతాడు. వాడి పేరు లచ్చయ్య. అంటే నేనే. మక్తల్ దగ్గర పల్లెలో నాలుగో తరగతి దాకా చదివాను, నలభై ఏళ్లు తాపీ పట్టాను. ఇప్పుడు డెబ్భై రెండేళ్ల వయసులో వరస గదుల పాత చాలీలో రెండో అంతస్తు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికే రావాలి. ఒకసారి నీళ్ల డ్రమ్ములో పడి మూడు రోజులు నానిన ఫోనును చెవి దగ్గర పెట్టుకుని నాలుగు తిట్లు తిట్టాను. సిగ్గుపడి మోగింది. నమ్మితే నమ్మండి.

నమ్మరని తెలుసు. మా చాలీలో కూడా ఎవరూ నమ్మరు. నేను నోరు తెరిస్తే చాలు, "తాత గాలిపటం ఎగరేస్తున్నడు" అని పిల్లలు దారం వదులుతున్నట్టు చేతులు తిప్పుతారు. ఇన్నాళ్లూ అది నాకు గౌరవంగానే ఉండేది. పోయిన దసరా నాడు మాత్రం అదే నా మెడకు చుట్టుకుంది. నా మెడకైతే ఫరవాలేదు, చంద్రమ్మ మెడకు చుట్టుకుంది.

చంద్రమ్మది నా పక్క గది. భర్త పోయి ఆరేళ్లయింది. అరవై దాటినా నాగ్‌పాడా కూలీల అడ్డా మీద పొద్దున్నే నిలబడి ఇసుక తట్టలు మోస్తుంది. పని కబురు ఇప్పుడు ఫోనులోనే వస్తుంది కాబట్టి ఆమె దగ్గరా ఒక ఫోను ఉంది. కానీ చదువు రాదు. అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. వచ్చిన కబురును ఆమె ముట్టుకోదు. ఫోను తెర మీద పైనుంచి కిందికి వేలితో లాగితే ఆ రోజు వచ్చిన కబుర్లన్నీ వరసగా దిగుతాయి చూడండి, వాటిని అక్కడే ఉంచుతుంది. నేను కళ్లజోడు పెట్టుకుని అక్కడికక్కడే చదివి చెబుతాను. లోపలికి వెళ్లి తెరవను.

"లోపలికి పోతే నీలం గీతలు పడ్తయన్నా," అనేది ఆమె. "నేను చదివినట్టు మేస్త్రీకి తెలుస్తది. నాకు ఆలోచించుకునే టైం ఉండాలె గదా."

ఇద్దరం కలిసి లోకాన్ని మోసం చేస్తున్నామని సంబరపడేవాళ్లం.

దసరాకు వారం ముందు మెట్ల గోడకు కంపెనీ కాగితం అంటించారు. పాత చాలీలు పడగొట్టి కొత్త బిల్డింగు కట్టడానికి ఒక కంపెనీ వచ్చింది. ఆ కంపెనీ వాళ్లు గది గదికీ తిరిగి ఎవరుంటున్నారో రాసుకుంటారు. మా అంతస్తు వంతు దసరా నాడే, సాయంత్రం నాలుగింటికి. మనిషి కనిపించి కాగితాలు చూపిస్తే పేరు రాస్తారు. తాళం కనిపిస్తే 'బంద్' అని రాస్తారు. బంద్ అని రాసిన గదికి కొత్త బిల్డింగులో చోటు ఉంటుందా అంటే, ఉండొచ్చు, దానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. బంద్ పడిన ప్రతి గదీ కంపెనీకి మిగిలినట్టే. చంద్రమ్మ గది అద్దె రసీదులు ఇంకా చచ్చిపోయిన భర్త పేరు మీదే ఉన్నాయి. బంద్ పడితే ఆమె తిరిగే ఆఫీసులకు అంతు ఉండదు. అది ఆమెకూ తెలుసు, రాసుకోవడానికి వచ్చే కిరణ్‌కూ తెలుసు.

కిరణ్ మన తెలుగు పిల్లవాడే. పక్క గల్లీలో పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం మరాఠీలోకి దూకేస్తాడు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా వేసుకున్నప్పటి నుంచి మమ్మల్ని గది నంబర్లతో పిలవడం మొదలుపెట్టాడు.

దసరా పొద్దున పదకొండు దాటాక చంద్రమ్మ ఫోను పట్టుకుని వచ్చింది.

"అన్నా, టింగుమన్నది. కిరణ్ బొమ్మనే గదా ఇది?"

తెర కిందికి లాగి చూశాను. 'కిరణ్ కంపెనీ' అని పేరు. కింద మరాఠీలో రాసి ఉంది. నాకు మరాఠీ దుకాణాల బోర్డుల మీద వచ్చింది కాబట్టి మెల్లగా చదివాను. "మౌశీ, ఈరోజు పండగ. లెక్క రద్దయింది. సోమవారం వస్తాం. మీరు ఇంట్లో ఉండనక్కర్లేదు." మౌశీ అంటే పిన్ని.

"సచ్చినోడు, ఒక్క మంచి మాట చెప్పిండు," అంది చంద్రమ్మ. "అయితే పూజ చేసుకుని వర్లీ పోత. చెల్లె రమ్మని రమ్మని పానం తీస్తుంది."

ఆమె చెప్పిన పూజ గురించి మీకు చెప్పాలి. మా తాతలు రాళ్లు మోసి, గోడలు కట్టి ఈ ఊరిని నిలబెట్టినవాళ్లు. దసరా నాడు పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి, దండం పెట్టడం మాకు ఇప్పటికీ తప్పదు. చంద్రమ్మ పీట మీద భర్త తాపీ పెట్టింది, గోడ నిలువు చూసే గుండు పెట్టింది, తన ఇనుప తట్ట బోర్లించింది. వాటి పక్కన ఫోను. పని తెచ్చేది అదే కదా, దానికీ స్నానం కావాలి. తడి గుడ్డతో అద్దాన్ని అడ్డంగా, గట్టిగా, తాపీని తోమినట్టు తోమింది. నేను లాగిన తెర ఇంకా కిందికే ఉంది. గుడ్డ ఒక్కో వాటు అడ్డంగా పోయినప్పుడల్లా ఒక్కో కబురు పక్కకి జారిపోయింది. తుడవడం అయ్యేసరికి అద్దం తళతళలాడింది, కబుర్లు ఒక్కటీ లేవు. ఆమె నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. నేను అక్కడే కూర్చుని శనగలు తింటున్నాను. చూశాను కూడా. చదివేశాం కదా, పోతే పోనీ అనుకున్నాను.

ఒంటిగంటకు తాళం వేసి, జమ్మి ఆకు కొంగున కట్టుకుని ఆమె బస్సెక్కింది.

నాలుగింటికి కిరణ్ వచ్చాడు.

చేతిలో కొలిచే టేపు, చంకలో రాసుకునే అట్ట, వెనక ఫోటోలు తీసే మనిషి. ఒక్కో గది దగ్గర ఆగి రాసుకుంటూ వస్తున్నాడు. అందరూ ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకెవరికీ లెక్క రద్దయిందన్న కబురు రాలేదని అప్పుడు తెలిసింది. చంద్రమ్మ తలుపు దగ్గరికి వచ్చి తాళం ఫోటో తీయించి, బంద్ అని రాసిన చీటీ తీశాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"ఏయ్ కిరణ్, సోమవారం వస్తనని నువ్వే గదరా మెసేజ్ పంపినవ్!"

"కోణీ సాంగితలం, తాతా?" అన్నాడు. ఎవరు చెప్పారట!

"నేను చదివిన. నా కళ్లతోని చదివిన."

వరండా అంతా వినేటట్టు నవ్వాడు. "నీళ్లల్ల పడ్డ ఫోను తిడితే మోగిందన్న తాత నువ్వే గదా?" ఈ ఒక్క మాటా తెలుగులోనే అన్నాడు, అందరికీ అర్థం కావాలని.

నవ్వింది వాడొక్కడే అయితే నేను ఊరుకునేవాణ్ని. మా వాళ్లు కూడా నవ్వారు. ఎదురు గది లక్ష్మవ్వ అయితే దారం వదులుతున్నట్టు చేతులు తిప్పింది. డెబ్భై రెండేళ్లలో మొదటిసారి నిజం చెప్పి నవ్వులపాలయ్యాను. ఆ చీటీని వాడు మైదా జిగురుతో తలుపుకు అంటించి వెళ్లిపోయాడు.

దీపాల వేళకు చంద్రమ్మ వచ్చింది. చీటీ చూసింది. తాళం తీసి, లోపల చెంబెడు నీళ్లు తాగి వచ్చి నా ముందు ఫోను పెట్టింది.

"తియ్యి అన్నా. నీలం గీతలు పడితే పడని. వాని మాట వాని మొకం మీద కొడ్త."

లోపలికి వెళ్లి తెరిచాను. కిరణ్ నుంచి రెండు కబుర్లు. 11:12కి ఒకటి, 11:13కి ఒకటి. రెండింటి దగ్గరా ఒకే మాట: 'ఈ మెసేజ్ తొలగించబడింది'. పంపినవాడే చెరిపేశాడు.

ఆమె తలుపు వైపు చూసింది. "ఆయన పోయిన నాడు గిదే గడప మీద కూసున్న. గిప్పుడు నేను లేనని రాసిండ్రు. నేనున్న గదన్నా?"

ఆ మాటకు నాలో పౌరుషం పొంగింది. ఫోనులో చెరిపింది ఎక్కడికీ పోదనీ, తుడిచిన కబుర్లన్నీ దాచుకునే అర ఒకటి ఉందనీ, దాన్ని తెరవడం నాకు మంచినీళ్లు తాగినంత పని అనీ గట్టిగా చెప్పాను. ముందు చెయ్యి తిరగాలని నా ఫోనులో చూపించాను. సెట్టింగులు, అందులో నోటిఫికేషన్లు, అందులో నోటిఫికేషన్ హిస్టరీ. పైన ఒక మీట ఉంది, ఆపి ఉంది. నొక్కాను. మీట వెలిగింది. కింద ఖాళీ. తెల్ల కాగితం.

"ఏదన్నా, ఏం లేదు?"

"నా ఫోను సంగతి వేరు," అన్నాను. "నీదాంట్ల చూద్దాం." ఆమె ఫోనులోనూ ఆ పేజీ తెరిచాను. అక్కడ మీట వెలిగే ఉంది. నా తెలివి చూడండి. నాదాంట్లో ఆపి వెలిగిస్తే ఖాళీ వచ్చింది, కాబట్టి దీన్ని కూడా ఒకసారి ఆపి వెలిగిస్తే కొత్త నీళ్లు వచ్చినట్టు నిండుగా వస్తుందని లెక్క వేశాను. వేలు ఎత్తాను.

"తాతా, చెయ్యి తియ్యి! చెయ్యి తియ్యంటున్న!"

మెట్ల మీద నుంచి మయూరి ఒక్క దూకు దూకింది. ఆ పిల్ల కింది అంతస్తులో ఉంటుంది. నాగ్‌పాడాలో మొబైల్ రిపేరు దుకాణంలో పని. ఇరవై రెండేళ్లు. స్క్రూడ్రైవరు పట్టిన చేతితోనే నా మణికట్టు మీద ఒక్కటి కొట్టింది.

"ఆ స్విచ్ బంద్ చేస్తే లోపలున్నదంతా పోతది! సమజైందా? మొత్తం సాఫ్!"

సమజైంది. ఇక్కడే నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోనులో పోయిన దాన్ని లాగగల మనిషి కామాటిపురలో ఒక్కరే ఉన్నారు, ఆ పేరు మయూరి. నేను లాగగలిగేవాణ్నే, కాకపోతే రెండో వైపుకి.

"నీ ఫోన్ల ఎందుకు ఖాళీ వచ్చిందో తెలుసా?" అంది నాతో. "నువ్వు ఇప్పుడే ఆన్ చేసినవ్. ఆన్ చేసిన కాడి నుంచి వచ్చినయే రాసుకుంటది. ముందటివి దానికి తెల్వయ్."

"మరి చంద్రమ్మది ఎప్పుడు వెలిగింది?"

"నేనే పెట్టిన. పోయిన నెల అవ్వ గ్యాస్ మెసేజ్ గిట్లనే కొంగుతోని తుడిచేసింది. అప్పుడు పెట్టిన. అవ్వా, నీకు యాద్ లేదా?"

చంద్రమ్మ తల ఊపింది. యాదికి లేదు, కానీ ఒప్పుకుంటే పని అవుతుందని ఊపింది.

మయూరి పేజీని మెల్లగా కిందికి జరిపింది. పైన ఈమధ్య పక్కకి తోసినవి. వాటి కింద, గడిచిన ఇరవైనాలుగు గంటల్లో వచ్చినవి, ఏ యాప్ కి ఆ యాప్ కట్టగా. వాట్సాప్ కట్టను వేలితో తట్టి విప్పింది. మేస్త్రీ శుభాకాంక్షలు. చెల్లెలి పిలుపు. ఆ తర్వాత,

'కిరణ్ కంపెనీ. మౌశీ, ఈరోజు పండగ. లెక్క రద్దయింది...' పక్కన 11:12.

అక్షరం పోకుండా ఉంది. నేను చదివినట్టే ఉంది. నా బతుకులో నేను చెప్పిన మాటకు సాక్ష్యం దొరకడం అదే మొదలు. కళ్లు చెమర్చాయి.

"వాడు చెరిపిండు గదే బిడ్డా?" అంది చంద్రమ్మ.

"వాడు చాట్ల చెరిపిండవ్వా. ఇది ఫోను రాసుకున్న లెక్క. కబురు వచ్చి పైన తెర మీద వాలినప్పుడే రాసుకుంటది. వాని చెయ్యి గింత దూరం రాదు."

నేను మీసం దువ్వాను. "అందుకే నేను లోపలికి పోకుండ పైపైన చదువుత."

"అది మాత్రం మంచిగ చేసినవ్. ఆ టైముకు నువ్వు చాట్ తెరుచుకుని కూసుంటే పైకి కబురే రాకపోవు. ఈ లెక్కల కూడ ఉండకపోవు."

ఆ కబురు కింద ఇంకొకటి ఉంది. అదే పేరు. 11:13. 'ఫోటో' అన్న ఒక్క మాట.

"ఏం ఫోటో?" అన్నాను. "తెరువు."

"తెరవరాదు తాతా. ఫోటో వచ్చిందని రాసుకుంది, ఫోటోను రాసుకోలే. ఇండ్ల బొమ్మ ఉండదు."

మయూరి ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టింది. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆ లెక్క ఇరవైనాలుగు గంటలే ఉంటుంది, రేపు పదకొండు దాటితే తుడిచిపెట్టుకుపోతుంది, నిమిషం అటూ ఇటూ. స్క్రీన్‌షాట్ ఉంది కానీ, దాన్ని ఎవరైనా తయారుచేయొచ్చని వాడు అనకుండా ఉండడు. ఫోనునే చూపించాలి. కంపెనీ ఆఫీసు ఫోరస్ రోడ్డు మీద, పదింటికి తెరుస్తారు.

"అప్పటిదాంక ఎవ్వరు ముట్టొద్దు," అంది. "ముఖ్యంగ నువ్వు. వాట్సాప్ తీసేసి మళ్ల ఎక్కిద్దాం అని కూడ అనకు, ఆ యాప్ లెక్కంత పోతది."

సరిగ్గా ఆ మాటే అనబోతున్నాను.

పొద్దున పదింటికి ఆఫీసు తలుపు తెరిచేసరికి మేము మెట్ల మీద ఉన్నాం. చంద్రమ్మ పనికి పోయే చీరలోనే వచ్చింది, కొంగు నడుముకు బిగించి. మయూరి దుకాణానికి ఆలస్యంగా వస్తానని చెప్పి వచ్చింది. మా అంతస్తు ఆడవాళ్లంతా వచ్చారు. నవ్వినందుకు లక్ష్మవ్వ నా కళ్లలోకి చూడలేక నా జేబులో వక్కపొడి పొట్లం పెట్టింది.

ఆఫీసు పెద్ద మేఘా మేడం. మరాఠీ మనిషి, చిన్న వయసు, పెద్ద కళ్లజోడు. పదిన్నరకు వచ్చింది. పక్కనే కిరణ్. మమ్మల్ని చూసి వాడి నీలం చొక్కా కొంచెం వదులైనట్టు అనిపించింది.

మయూరి జరిగిందంతా మరాఠీలో చెప్పి, ఫోను టేబుల్ మీద పెట్టి హిస్టరీ పేజీ తెరిచింది. మేడం వంగి చదివింది. రెండుసార్లు చదివింది. కిరణ్ వైపు తిరిగింది.

"మేడం, అది వట్టి పేరు," అన్నాడు వాడు మరాఠీలో. గొంతు తొణకలేదు. "పేరు ఎవరైనా ఎట్లా అయినా రాసుకోవచ్చు. ఎవరి నంబరునో నా పేరుతో పెట్టుకుని, వాళ్లే వాళ్లకు మెసేజ్ పంపుకున్నారు. ఇక్కడ నంబరు ఉందా? అడగండి."

మేడం అడిగింది. నేను లేచాను, నంబరు కనిపిస్తోందని చెబుదామని. మయూరి నా కాలు తొక్కింది.

"లేదు మేడం," అంది. "ఇందులో నంబరు కనిపించదు. ఫోనులో సేవ్ చేసిన పేరే కనిపిస్తుంది. ఆయన అన్నది నిజమే."

మా ఆడవాళ్లంతా మయూరి వైపు గుర్రుగా తిరిగారు. ఈ పిల్ల ఎవరి వైపు?

మయూరి మారు మాట లేకుండా చాట్ తెరిచింది. పైన పేరు మీద తట్టింది. నంబరు కనిపించింది. "మీ ఫోనులో ఉన్న కిరణ్ నంబరుతో పోల్చుకోండి." మేడం తన ఫోను తీసి చూసింది. అదే నంబరు. "ఇప్పుడు కింద చూడండి. తొలగించిన మెసేజ్ 11:12. తొలగించిన మెసేజ్ 11:13. ఇందులో మాట లేదు, కానీ నంబరు ఉంది, టైము ఉంది. ఆ హిస్టరీ పేజీలో నంబరు లేదు, మాట ఉంది. ఇది నిన్న సాయంత్రం అదే పేజీకి తీసిన స్క్రీన్‌షాట్, టైము చూడండి. 11:12, 11:13. చాట్ లో ఎవరు చెరిపారో మేము చెప్పక్కర్లేదు, పంపినవాళ్లే చెరపగలరు."

కిరణ్ వెనక్కి తగ్గలేదు, అదీ చెప్పాలి. "పండగ శుభాకాంక్షలు పంపాను. తప్పుగా పోయిందని చెరిపాను. ఆ మాటలు నావి కావు."

"ఫోటో?" అంది మేడం. "ఫోటోలో ఏముంది?"

"దేవి బొమ్మ."

మేడం నా వైపు తిరిగింది. "తాతాజీ, ఈ కబుర్లు చదివింది మీరే కదా. ఫోటోలో ఏముంది?"

అప్పుడు నా పరిస్థితి మీరు అర్థం చేసుకోవాలి. నా నాలుక మీద సిద్ధంగా ఉంది. కంపెనీ ముద్ర ఉన్న కాగితం అది, కింద కిరణ్ సంతకం, పక్కన పచ్చ సిరాతో సోమవారం తేదీ. ముద్ర గుండ్రంగా ఉందో పలకగా ఉందో కూడా నాకు అప్పటికే తెలిసిపోయింది. చెప్పేస్తే అయిపోయేది. చెప్పి ఉంటే మేడం ఆ ముద్ర ఎలా ఉంటుందని అడిగేది, కంపెనీకి అలాంటి ముద్రే లేదని తేలేది, నాతోపాటు చంద్రమ్మ కూడా మునిగేది. ఇదంతా తర్వాత ఆలోచించాను. అప్పుడు మాత్రం చంద్రమ్మ మొహం చూశాను, అంతే. నేనున్న గదన్నా అని అడిగిన మొహం.

"తెల్వదు," అన్నాను. "పై మాట చదివిన. ఫోటో చూడలే. ఆ పేజీ కూడ చూపించది. అండ్ల ఏముందో నాకు తెల్వదు."

మా చాలీ ఆడవాళ్లు నా వైపు తిరిగి, నాకు ఒంట్లో బాగుందా అన్నట్టు చూశారు. లక్ష్మవ్వ నోట్లోంచి వక్క జారింది.

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "తెలియదని ఒప్పుకునే మనిషి, ఆ మెసేజ్ కల్పించాడంటే నేనెలా నమ్మాలి కిరణ్?"

"ఈ తాత పుట్టుకతో అబద్ధాలకోరు మేడం! ఈ గల్లీలో ఎవరినైనా అడగండి!"

"అడుగు," అంది లక్ష్మవ్వ, ముందుకొచ్చి, తెలుగులోనే. "నన్నడుగు. నిన్న నవ్విన, నాదే తప్పు. ఈయన వంద అబద్ధాలు చెప్తడు, ఒక్కటి కూడ ఒకరి ఇల్లు తీసేది కాదు. నీ ఒక్క అబద్ధం చూడు ఎంత పనిచేసిందో!"

మేడం కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఆ గదిని ఈరోజే మళ్లీ లెక్కలోకి తీసుకుంటామనీ, కిరణ్ విషయం పైవాళ్లకు పంపుతాననీ చెప్పింది. ఎవరో ఒకరిని పంపుతాను, మీరు వెళ్లండి అంది.

చంద్రమ్మ కదల్లేదు.

"ఎవరో ఒకరు గాదు," అంది. హిందీ, తెలుగు, మరాఠీ అన్నీ కలిపి, ఇసుక కంకర కలిపినట్టు కలిపి మాట్లాడింది. "బంద్ అని రాసినోడే రావాలె. తాళం నా తలుపుకేసిన, నాకేసుకోలే. నేను బంద్ గాలే. ఆయన పోయిన నాడు బంద్ గాలే, పని దొరకని వానల బంద్ గాలే. వీడు రాస్తే అయితనా? వీడు రావాలె, ఆ చీటీ వీని చేతులతోనే తియ్యాలె, నా పేరు వీని చేతితోనే రాయాలె. రాకుంటే ఈ మెట్ల మీదనే కూసుంట. నా తట్ట కూడ తెప్పించుకుంట."

"మేం కూడ కూసుంటం," అన్నారు వెనక నుంచి. ఎవరూ ముందు అనుకుని వచ్చింది కాదు. కానీ ఆ మాట అన్నాక అందరూ నిజంగానే కూర్చున్నారు. ఆఫీసుకి వచ్చే దారి మూసుకుపోయింది. టీ తెచ్చినవాడు కెటిల్ పట్టుకుని బయటే నిలబడిపోయాడు.

గోడ గడియారం పదకొండూ ఇరవై దాటింది. మయూరి ఫోను చేతిలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఆ పేజీలో ఏం మిగిలినా, ఏం పోయినా చూడాల్సినవాళ్లు చూసేశారు. మేడం కాసేపు మమ్మల్ని చూసి, కిరణ్‌ను చూసి, "జా," అంది. పో అని.

ఊరేగింపుగా వచ్చాం. ముందు చంద్రమ్మ, వెనక టేపూ అట్టా పట్టుకుని కిరణ్, ఆ వెనక మేము. మెట్ల మీద ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి. చంద్రమ్మ గది ముందు వాడు వంగి చీటీ పీకడం మొదలుపెట్టాడు. మైదా జిగురు రాత్రికి రాత్రి రాయిలా బిగుసుకుపోయింది. చుట్టూ జనం చూస్తుండగా అరగంట గీకాడు. రెండు గోళ్లు విరిగాయి. చెమట నీలం చొక్కా వీపు మీద దేశపటం గీసింది. చంద్రమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "అగో, ఆ మూలకు ఇంకింత ఉంది," అని చూపిస్తూ ఉంది.

తర్వాత లోపలికి వచ్చి గది కొలిచాడు. పేరు అడిగాడు.

"రాయి. చంద్రమ్మ. ఇన్నేండ్ల సంది గిదే గదిల ఉన్నది, రేపు కూడ ఉంటదని రాయి."

"అంత రాయడానికి గడి లేదు మౌశీ."

"అయితే పేరు పెద్దగ రాయి."

రాశాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, వాడి భుజం మీదుగా ఒక్కో అక్షరం చదివి ఆమెకు చెప్పాను. బంద్ అన్న మాట కొట్టేసి ఉంది, పక్కన చిన్న సంతకం. ఆమె వేలిముద్ర వెయ్యనంది. మయూరి చెయ్యి పట్టుకుని నేర్పితే, చం అన్న అక్షరం ఒక్కటి వంకరగా గీసింది.

ఇక ఒక్క మాట ఒప్పుకుని లేస్తాను. ఈ కథలో ఫోను సంగతి, మెసేజ్ సంగతి, మేడం సంగతి అన్నీ జరిగినట్టే రాశాను, ఆ పేజీ ఎంతవరకు చూపిస్తుందో ఎక్కడ ఆగిపోతుందో అన్నది మయూరి దగ్గర కూర్చుని రెండుసార్లు అడిగి రాశాను. కల్పించింది ఒక్కటే, మైదా జిగురు. చీటీని వాడు రెండు సెల్లోటేపు ముక్కలతో అతికించాడు. ఒక్కసారి పట్టి లాగితే వచ్చేసింది, గోళ్లు విరగలేదు, చెమట పట్టలేదు. ఆమెను లేదని రాసిన కాగితం అంత తేలిగ్గా ఊడిపోవడం నాకు నచ్చలేదు.